పాత బైక్‌కి ఏ ఆయిల్ పోయాలి: ఎండలో, ఆగి ఆగి సాగే ట్రాఫిక్‌లో 10-30, 10-40, 20-40, 20-50 మధ్య ఎంపిక

సిగ్నల్ దగ్గర ఆగాను. క్లచ్ పట్టుకుని న్యూట్రల్ కోసం కాలితో వెతుకుతున్నాను. ఫస్ట్ నుంచి సెకండ్‌కి, సెకండ్ నుంచి మళ్లీ ఫస్ట్‌కి పడుతోందే తప్ప మధ్యలో పచ్చ లైటు వెలగదు. పొద్దున బయల్దేరినప్పుడు ఇదే గేరు మెత్తగా పడింది. నలభై నిమిషాలు ట్రాఫిక్‌లో నలిగాక మొరాయించడం మొదలుపెట్టింది. ఆయిల్ మార్చి అప్పటికి 1,100 కిలోమీటర్లే అయింది.

బండి 150 సీసీ, సింగిల్ సిలిండర్, గాలికే చల్లబడే ఇంజన్. వయసు పద్దెనిమిదేళ్లు, తిరిగింది 62 వేల కిలోమీటర్లు. అందులో ఉన్నది 10-30 గ్రేడు సెమీ సింథటిక్. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని ఉంటుంది కానీ షెడ్డులో అందరూ 10-30 అనే అంటారు, నేనూ అలాగే రాస్తాను. ఆ రోజు మొదలైన అనుమానంతో తర్వాత ఏడాదిలో మూడు రకాల ఆయిళ్లు మార్చి చూశాను. అందులో తెలిసింది, దాని వెనక ఉన్న లెక్క ఇక్కడ చెబుతున్నాను. ఇదంతా గాలికి చల్లబడే పాత ఫోర్ స్ట్రోక్ బండ్ల గురించి. ఇంజన్, గేర్లు, క్లచ్ మూడూ ఒకే ఆయిల్‌లో మునిగి ఉండే బండ్లన్నమాట. రేడియేటర్, ఫ్యాన్ ఉన్న బండికి ఈ బాధ ఇంతగా ఉండదు.

ట్రాఫిక్‌లో ఆయిల్‌కి ఏమవుతుంది

సిలిండర్ మీది రెక్కల మధ్య గాలి ఆడితేనే ఇంజన్ చల్లబడుతుంది. బండి ఆగిందంటే గాలి ఆగినట్టే, మంట మాత్రం ఆగదు. ఆ వేడిలో పెద్ద భాగాన్ని మోయాల్సింది ఆయిలే, అది కూడా లీటరుకు అటూ ఇటూ. రోడ్డు మీద సాఫీగా పోతున్నప్పుడు 90, 100 డిగ్రీల దగ్గర ఉండే ఆయిల్, మండే ఎండలో పావుగంట ఆగి ఆగి నడిస్తే 120, 130 డిగ్రీలకు చేరడం అరుదేమీ కాదు. పై రింగు దగ్గర, ఎగ్జాస్ట్ వాల్వు పక్కన ఇంకా చాలా ఎక్కువ.

అదే సమయంలో ఆయిల్ పంపు నీరసంగా తిరుగుతుంటుంది. పంపు ఇంజన్‌తో పాటే తిరిగేది కాబట్టి ఐడిలింగ్‌లో, అంటే నిమిషానికి 1,300 లేదా 1,400 చుట్ల దగ్గర, అది పైకి నెట్టే ఆయిల్ కొంచెమే. ఆయిల్ బాగా పల్చబడి, పాత ఇంజన్‌లో సందులు కూడా పెరిగి ఉంటే, ఆ కొంచెంలో చాలా భాగం కిందే జారిపోతుంది. తల దాకా, అంటే క్యామ్ దాకా, రాకర్ల దాకా చేరేది తగ్గుతుంది. ఎండలో ట్రాఫిక్ తర్వాత ట్యాపెట్ శబ్దం పెరగడానికి ఒక కారణం ఇదే.

కాబట్టి మనం చూడాల్సింది ఆయిల్ 130 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా మిగులుతుంది అన్నది. అదీ కొత్త ఆయిల్ కాదు, వెయ్యి కిలోమీటర్లు గేర్ల మధ్య నలిగిన ఆయిల్. ఎంపికలో తక్కిన విషయాలన్నీ దీని తర్వాతే.

డబ్బా మీది రెండు నంబర్లు

డబ్ల్యూ ముందున్న నంబరు చలికాలానిది. 20 ఉన్న ఆయిల్‌ని సున్నాకు 15 డిగ్రీల కింద పరీక్షిస్తారు, 10 ఉన్నదాన్ని సున్నాకు 25 డిగ్రీల కింద. పొద్దున్నే కూడా 25, 30 డిగ్రీలుండే చోట తిరిగే బండికి ఈ తేడాతో పనిలేదు. "10 అయితే పొద్దున త్వరగా పైకెక్కుతుంది" అనే మాటలో కొంత నిజం ఉంది, 30 డిగ్రీల దగ్గర 20-50 ఆయిల్ 10-40 కన్నా దాదాపు రెండింతలు చిక్కన. కానీ ఆ వేడిలో రెండూ పంపుకి ఇబ్బంది లేకుండా పారేవే. స్టార్ట్ చేసి అర నిమిషం రేజ్ చేయకుండా వదిలేస్తే సరిపోతుంది.

రెండో నంబరు 100 డిగ్రీల దగ్గర చిక్కదనం. దీన్ని సెంటీస్టోక్స్‌లో కొలుస్తారు. 30 గ్రేడు అంటే 9.3 నుంచి 12.5 లోపు, 40 అంటే 12.5 నుంచి 16.3 లోపు, 50 అంటే 16.3 నుంచి 21.9 లోపు. గ్రేడు ఒక నంబరు కాదు, ఒక గది. ఒకే గ్రేడులో ఒక ఆయిల్ గది పైకప్పు దగ్గర ఉండొచ్చు, ఇంకోటి నేల మీద ఉండొచ్చు. కంపెనీలు ఆయిల్ డేటా షీట్లలో ఈ నంబరు ఇస్తాయి. డబ్బా మీది బొమ్మలకంటే అది చూడటం మేలు.

మామూలుగా దొరికే ఆయిళ్ల నంబర్లు తీసుకుని, వేడికి చిక్కదనం ఎలా తగ్గుతుందో చెప్పే ప్రామాణిక సూత్రంతో నేను వేసుకున్న లెక్క ఇది. సుమారు అంకెలే.

| ఆయిల్ | 100 డిగ్రీల దగ్గర | 130 డిగ్రీల దగ్గర |
|---|---|---|
| 20-50, కొత్తది | 18 | 9.2 |
| 10-40, కొత్తది | 14 | 7.7 |
| 10-40, గేర్లలో నలిగినది | 11.5 | 6.4 |
| 10-30, కొత్తది | 10.5 | 5.9 |

మూడో వరుస, నాలుగో వరుస పక్కపక్కన పెట్టి చూడండి. నలిగిన 10-40 దాదాపుగా 10-30 అయిపోయింది. డబ్బా మీద 40 అని చదివి పోసుకున్నాం, ఇంజన్‌లో తిరుగుతున్నది మాత్రం 30. ఇక నా బండిలో ఉన్నది మొదటే 10-30, అది నలిగితే ఎక్కడికి దిగిందో ఊహించుకోవచ్చు. ఆ రోజు న్యూట్రల్ ఎందుకు దొరకలేదో నాకు ఈ టేబుల్ వేసుకున్నాకే అర్థమైంది.

ఆయిల్ నలగడం అంటే

చలికి పల్చగా, వేడికి చిక్కగా ప్రవర్తించాలంటే ఆయిల్‌లో పొడవాటి పాలిమర్ కణాలు కలుపుతారు. పల్చటి బేస్ ఆయిల్ తీసుకుని ఈ పాలిమర్‌తో వేడిలో చిక్కదనం తెప్పిస్తారు. కారు ఇంజన్‌లో వీటికి పెద్ద కష్టం ఉండదు, గేర్‌బాక్స్ ఆయిల్ వేరు కాబట్టి. బైక్‌లో అదే ఆయిల్ గేరు పళ్ల మధ్య దూరాలి. ప్రతి పన్ను ఆ పొడవాటి కణాల్ని కాస్త కాస్త కోస్తుంది. ఒకసారి తెగిన కణం మళ్లీ అతకదు.

పాలిమర్ ఎంత ఎక్కువ కలిపితే అంత పడిపోవడం. మినరల్ 10-40 లో బేస్ బాగా పల్చన, కాబట్టి పాలిమర్ మీద ఆధారం ఎక్కువ. 20-40 లో బేసే చిక్కన, పై నంబరు కూడా మరీ దూరం కాదు, అందుకే పాలిమర్ తక్కువతో సరిపోతుంది. మినరల్ ఆయిళ్లలో నలగకుండా ఎక్కువ కాలం నిలిచేది సాధారణంగా ఇదే. కొత్త ఆయిళ్ల హోరులో 20-40 ని పాతకాలపు సరుకుగా చూస్తారు కానీ, ఈ పనికి అది తీసిపారేసేది కాదు. 150 డిగ్రీల దగ్గర, ఆయిల్‌ని వేగంగా నలుపుతూ చిక్కదనం కొలిచే ఇంకో పరీక్ష ఉంది. అందులో కొలత సెంటీపాయిజ్‌లో, 10-40 కి కనీసం 3.5 ఉండాలి. 20-40 కి కనీసం 3.7 ఉండాలి, 20-50 కి పెట్టిన కనీస హద్దూ అదే.

20-50 కూడా నలుగుతుంది, నలగదని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ 18 దగ్గర మొదలైంది ఇరవై శాతం పడిపోయినా 14 పైన నిలుస్తుంది. అంటే నలిగాక కూడా కొత్త 10-40 అంత చిక్కదనం మిగులుతుంది. పాత బండ్ల వాళ్లు 20-50 ని వదలకపోవడానికి అసలు కారణం ఇదే, అలవాటు ఒక్కటే కాదు.

నలిగిన సంగతి ల్యాబుకి పంపకుండానే కాలికి తెలుస్తుంది. ఆయిల్ మార్చిన మొదటి వారం గేర్లు ఎలా పడుతున్నాయో గుర్తుపెట్టుకోండి. కొన్నాళ్లకు ఇంజన్ వేడెక్కాక గేరు కటుక్కుమని పడటం, న్యూట్రల్ వెతుక్కోవాల్సి రావడం మొదలవుతుంది. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడిలో మాత్రమే ఇలా అయితే ఆయిల్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. చల్లగా ఉన్నా ఇలాగే ఉంటే ముందు క్లచ్ కేబుల్ చూడండి. లివర్ చివర 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఆట ఉండాలని చాలా మాన్యువల్స్ చెబుతాయి. ఆట ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు, ఎంత మంచి ఆయిల్ పోసినా న్యూట్రల్ దొరకదు.

మినరల్, సెమీ, ఫుల్ సింథటిక్

ఈ మూడింట్లో "సెమీ" అన్న మాట అన్నిటికంటే బలహీనం. సింథటిక్ ఎంత శాతం కలిపితే సెమీ అనాలో డబ్బా చెప్పదు. పది శాతమూ సెమీయే, నలభై శాతమూ సెమీయే. "ఫుల్ సింథటిక్" కూడా అనుకున్నంత గట్టి మాట కాదు. ముడిచమురు నుంచే తీసి, బాగా లోతుగా శుద్ధి చేసిన గ్రూప్ 3 బేస్ ఆయిల్‌ని సింథటిక్ అని ప్రకటించుకోవచ్చా అని పెద్ద తగాదా నడిచింది. 1999లో అమెరికాలోని నేషనల్ అడ్వర్టైజింగ్ డివిజన్ అనొచ్చని తేల్చింది. అప్పటినుంచి చాలా ఫుల్ సింథటిక్ డబ్బాల్లో ఉండేది ఇదే. ఇందులో మోసమేమీ లేదు, గ్రూప్ 3 నిజంగానే మంచి ఆయిల్. కాకపోతే ఎస్టర్ కలిపిన ఖరీదైన ఆయిల్, ఇదీ ఒకటే అనుకోకూడదు.

మన పనికి సింథటిక్ ఇచ్చే లాభాలు రెండు. మొదటిది, బేస్ ఆయిలే వేడికి తక్కువ పల్చబడుతుంది కాబట్టి పాలిమర్ తక్కువ చాలు, నలగడం తగ్గుతుంది. రెండోది వేడికి తట్టుకోవడం. ఆయిల్ ప్రతి పది డిగ్రీల పెంపుకీ దాదాపు రెండింతల వేగంతో ఆక్సీకరణ చెందుతుందని ఒక మోటు లెక్క ఉంది. 100 డిగ్రీల దగ్గర నడిచే ఆయిల్‌కీ 130 దగ్గర నడిచేదానికీ ఆ లెక్కన ఎనిమిది రెట్ల తేడా. మినరల్ అక్కడ త్వరగా నల్లబడి, జిగురుపట్టి, పిస్టన్ రింగుల గాడుల్లో వార్నిష్‌లా అంటుకుంటుంది.

ఆవిరి కూడా ఉంది. 250 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి ఎంత ఎగిరిపోయిందో కొలుస్తారు. బైక్ ఆయిళ్లకు జపాన్ వాళ్లు పెట్టిన జాసో ప్రమాణం 20 శాతం దాకా ఒప్పుకుంటుంది. మంచి సింథటిక్‌లు పది లోపే ఉంటాయి. నాలుగు లీటర్ల ఇంజన్‌లో ఇది పెద్ద విషయం కాదు. లీటరు ఆయిల్ పట్టే ఇంజన్‌లో వంద మిల్లీలీటర్లు తగ్గితే పదో వంతు పోయినట్టే, మిగిలిన ఆయిల్ ఇంకా ఎక్కువ వేడెక్కుతుంది.

ఇప్పుడు భయాల సంగతి. "సింథటిక్ పోస్తే క్లచ్ జారుతుంది" అనేది తప్పు. క్లచ్‌ని జార్చేది బేస్ కాదు, కార్ల కోసం కలిపే ఘర్షణ తగ్గించే మందులు. కారు ఆయిల్ డబ్బా మీద ఇంధనం ఆదా అన్న ముద్ర కనిపిస్తే, అది ఏ గ్రేడైనా, మినరలైనా సరే బైక్‌లో పోయకూడదు. బైక్‌కి కావాల్సింది జాసో ఎంఏ లేదా ఎంఏ2 ముద్ర. ఈ ప్రమాణం 1998లో వచ్చింది. ఎంఏ2 అంటే ఆ ఆయిల్‌లో క్లచ్ ప్లేట్లకు పట్టు ఎక్కువ. ట్రాఫిక్‌లో క్లచ్‌ని సగం వదిలి సగం పట్టుకుని ఈదే వాళ్లకు, ప్లేట్లు అరిగిన పాత బండికి నేను ఎంఏ2 నే అడుగుతాను. ఎంబీ అని ఉంటే అది డ్రై క్లచ్ స్కూటర్లది, మనది కాదు.

"పాత ఇంజన్‌కి సింథటిక్ పోస్తే లీకులు మొదలవుతాయి" అనేదాంట్లో సగం నిజం ఉంది. ఆయిల్ కొత్త లీకు పుట్టించదు. ఇరవై ఏళ్లుగా గట్టిపడిన సీలు చుట్టూ పేరుకున్న మడ్డి ఆ లీకుని ఆపి ఉంచుతుంది. శుభ్రం చేసే గుణం ఉన్న కొత్త ఆయిల్ ఆ మడ్డిని కరిగిస్తే సీలు అసలు పరిస్థితి బయటపడుతుంది. గేరు లివర్ షాఫ్ట్ దగ్గర, ముందు స్ప్రాకెట్ వెనక, హెడ్ కవర్ అంచున ఇప్పటికే తడి ఉంటే ముందు ఆ సీళ్లు మార్చి తర్వాత సింథటిక్ గురించి ఆలోచించండి. అవి ఖరీదైన సామాన్లు కావు.

చిక్కన పెరిగే కొద్దీ మంచిదేనా

కాదు. మాన్యువల్‌లో ఆయిల్ పేజీ తీయండి. పాత బండ్ల మాన్యువల్స్‌లో చాలావరకు ఒక గీతల బొమ్మ ఉంటుంది, కింద బయటి వేడి డిగ్రీల్లో, పైన ఒక్కో గ్రేడుకీ ఒక్కో పట్టీ. 10-30 అని అందరూ అనుకునే బండికి కూడా వేడి ప్రదేశాలకు 20-40, 20-50 పట్టీలు అందులోనే ఉండటం నేను చాలాసార్లు చూశాను. ఆ బొమ్మలో ఉన్నదాంట్లో అన్నిటికంటే చిక్కనిది మన పై హద్దు. దాన్ని దాటొద్దు.

దాటితే ఏమవుతుందంటే, చిక్కటి ఆయిల్‌ని చిలకడానికి ఇంజన్‌కి శక్తి కావాలి, ఆ శక్తి వేడిగా మారి ఆయిల్‌లోకే వస్తుంది. పొద్దున మొదటి గేరు ఠక్కుమని పడుతుంది, ఎందుకంటే క్లచ్ ప్లేట్లు జిగటగా అంటుకుని ఉంటాయి. సన్నటి దారులు, జెట్లు పెట్టి డిజైన్ చేసిన కొత్తతరం చిన్న ఇంజన్లలో 20-50 పోస్తే మైలేజీ కాస్త పడటం, బండి బరువుగా లాగడం కనిపిస్తాయి. వాటికి మాన్యువల్ 10-30 ఒక్కటే చెబితే నేను అక్కడే ఆగుతాను.

ఇంజన్ లోపల ఏముందో కూడా కొంత తెలియాలి. చిన్న సింగిల్ సిలిండర్ బండ్లలో క్రాంక్ సాధారణంగా బాల్ బేరింగుల మీద, కనెక్టింగ్ రాడ్ కింది చివర రోలర్ల మీద తిరుగుతాయి. వీటికి ఆయిల్ ప్రెషర్ పెద్దగా అక్కర్లేదు, తడి ఉంటే చాలు. అక్కడ పల్చటి ఆయిల్ నష్టం చేసేది ముఖ్యంగా క్యామ్‌కి, రాకర్లకి, గేరు పళ్లకి. నాలుగు సిలిండర్ల పాత బండ్లలో ఎక్కువగా నున్నటి లోహపు షెల్స్ ఉంటాయి, అవి ఆయిల్ పొర మీద తేలుతూ తిరుగుతాయి. అలాంటి బండికి ట్రాఫిక్‌లో ఆయిల్ లైటు మిణుకుమంటే దాన్ని ఆయిల్ గ్రేడు పెంచి దాచిపెట్టకూడదు, ప్రెషర్ గేజి పెట్టి చూడాలి.

ముందు ఎంత తాగుతోందో కొలవండి

ఇది లెక్కగా చేస్తే ఎంపిక సగం అయిపోతుంది. బండిని వేడి చేసి, సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇంజన్ ఆపి మూడు నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడాలి. మాన్యువల్ బిగించకుండా చూడమంటే అలాగే, బిగించి చూడమంటే అలాగే, రెండూ కలిపితే లెక్క తప్పుతుంది. పై గీత దాకా పోసి మీటరు రాసుకోండి. 500 కిలోమీటర్ల తర్వాత అదే చోట, అదే పద్ధతిలో మళ్లీ చూసి, పెద్ద సిరంజితో పై గీత దాకా పోయండి. ఎన్ని మిల్లీలీటర్లు పట్టిందో దాన్ని రెట్టింపు చేస్తే వెయ్యి కిలోమీటర్లకు ఎంతో వస్తుంది.

పొగ కూడా చూడాలి. సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉండి కదలగానే ఒక్కసారి నీలం పొగ వదిలి ఆగిపోతే వాల్వ్ సీళ్లు పోయినట్టు. లోడు మీద, ఎత్తు ఎక్కుతున్నప్పుడు పొగ వస్తూనే ఉంటే రింగులు, బోరు. చిక్కటి ఆయిల్ రెండింటినీ కొంత తగ్గిస్తుంది, బాగుచేయదు.

నా బండికి వాల్వ్ సీళ్లు కొంచెం వదులు, బోరు ఇంకా పర్వాలేదు. ఆయిల్ మార్చినప్పుడు 850 మిల్లీలీటర్లు పడుతుంది. మొదటి 10-30 సెమీతో వెయ్యి కిలోమీటర్లకు 180 మిల్లీలీటర్లు తాగింది, గేర్లు 900 దగ్గర గట్టిపడటం మొదలైంది. తర్వాత మినరల్ 20-50. తాగడం 90 కి పడింది, ట్యాపెట్ శబ్దం వేడిలో తగ్గింది, గేర్లు 1,400 దాకా బాగున్నాయి. కానీ 1,500 దగ్గర దింపిన ఆయిల్ తారులా నల్లగా, వేలి మధ్య రుద్దితే కాస్త జిగటగా ఉంది. మూడోసారి 15-50 సింథటిక్, ఎంఏ2 ది. 20-50 పట్టీ బొమ్మలో ఉంది కాబట్టి వేడి నంబరు అదే, చలి నంబరు మాత్రం 15. తాగడం 70, గేర్లు 2,200 దాకా మెత్తగానే పడ్డాయి. నెల రోజులకు గేరు షాఫ్ట్ సీలు దగ్గర చిన్న తడి కనిపించింది, సీలు మార్చాక ఆగింది. ఒక్క బండి మీద చూసిన అంకెలివి, మీ బండికి ఇవే రావాలని లేదు. వరుస మాత్రం పెద్దగా మారకపోవచ్చు.

ఆ మధ్యలో ఒక మెకానిక్ "చిక్కదనం పెంచే మందు ఒక సీసా కలపండి, పొగ పోతుంది" అన్నాడు. అందులో ఉండేది చాలావరకు అదే పాలిమర్, గేర్లు దాన్నీ నమిలేస్తాయి. పైగా క్లచ్‌తో ఎలా నడుచుకుంటుందో ఎవరూ పరీక్షించి ఉండరు. వద్దన్నాను.

అయితే ఏది తీసుకోవాలి

వెయ్యి కిలోమీటర్లకు 200 మిల్లీలీటర్లకు మించి తాగే ఇంజన్‌కి ఖరీదైన సింథటిక్ పోయడం వృథా, అది సైలెన్సర్‌లోంచి పోతుంది. మాన్యువల్ బొమ్మ ఒప్పుకుంటే మినరల్ 20-50 పోసి, 1,200 కిలోమీటర్లకోసారి మార్చుకుంటూ, రెండు ట్యాంకుల పెట్రోలుకోసారి డిప్‌స్టిక్ చూసుకుంటూ ఇంజన్ పనికి డబ్బు కూడబెట్టుకోండి.

పెద్దగా తాగకుండా, వేడిలో మాత్రమే ఇబ్బంది పెట్టే బండికి, అంటే నా లాంటి బండికి, 15-50 లేదా 20-50 సింథటిక్ సరైన జోడీ. అది దొరక్కపోతే సింథటిక్ 10-40 కంటే ముందు నేను మినరల్ 20-50 నే త్వరత్వరగా మార్చుకుంటాను. ఇక్కడ కొందరు నాతో ఒప్పుకోరు. సింథటిక్ 10-40 మడ్డి పట్టదు, నిజమే. కానీ అరిగిన ఇంజన్‌లో 130 డిగ్రీల దగ్గర ముందు కావాల్సింది పొర మందం.

ఇంజన్ బిగువుగా ఉండి, మాన్యువల్ 40 గ్రేడు దగ్గరే ఆగితే, ఎంపిక సింథటిక్ 10-40 కీ మినరల్ 20-40 కీ మధ్య. రెండు వేల కిలోమీటర్లు ఆయిల్ మార్చకుండా నడపాలనుకుంటే సింథటిక్ 10-40. త్వరగా మార్చే అలవాటున్న వాళ్లకి 20-40 చాలు. మినరల్ 10-40 ని మాత్రం ఈ పనికి నేను చివర పెడతాను, నలిగేది అన్నిటికంటే ముందు అదే.

లారీల డీజిల్ ఇంజన్లకు వాడే 15-40 గురించి చాలామంది అడుగుతారు. అది నలగకుండా నిలిచే ఆయిలే. కొన్ని డబ్బాల మీద జాసో ఎంఏ కూడా ఉంటుంది, అలా ఉంటే వాడొచ్చు. ఆ ముద్ర లేకపోతే క్లచ్‌తో పందెం వేసినట్టే.

ఆయిల్ మార్చకముందే ట్యాపెట్ గ్యాప్, కార్బొరేటర్ మిశ్రమం ఒకసారి చూపించండి. మిశ్రమం పల్చబడి ఇంజన్ వేడిగా నడుస్తుంటే, వాల్వ్ గ్యాప్ మరీ బిగిసి ఉంటే, ఆ వేడిని ఏ గ్రేడూ మింగలేదు. స్పార్క్ ప్లగ్ తీస్తే మొన సున్నంలా తెల్లగా ఉండటం పల్చటి మిశ్రమానికి గుర్తు.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి

కిలోమీటర్లను పక్కన పెట్టి గంటలు లెక్కేయండి. నేను వెళ్లే దారి 14 కిలోమీటర్లు, యాభై నిమిషాలు. సగటు వేగం గంటకు 17 కిలోమీటర్లు. అంటే వెయ్యి కిలోమీటర్లు తిరిగేసరికి ఇంజన్ 60 గంటలు నడిచింది. అదే 60 గంటలు, గంటకు 50 చొప్పున ఖాళీ రోడ్డు మీద పోతే 3,000 కిలోమీటర్లు. మాన్యువల్‌లో 3,000 కి ఒకసారి మార్చమని రాసినవాళ్లు నా దారిని చూసి రాయలేదు. తీవ్రమైన వాడకానికి ఇంకా ముందే మార్చమని చాలా మాన్యువల్స్‌లో చిన్న అక్షరాల్లో ఉంటుంది, ఆ మాట మన గురించే.

మినరల్‌కి నేను 70 నుంచి 80 గంటలు, సింథటిక్‌కి 120 గంటలు పెట్టుకున్నాను. నా దారి మీద అవి దాదాపు 1,300, 2,000 కిలోమీటర్లు. కొత్త గ్రేడుకి లేదా మొదటిసారి సింథటిక్‌కి మారినప్పుడు మాత్రం మొదటి మార్పు సగం దూరంలోనే చేసేయాలి, పాత మడ్డి కరిగి అందులోకి దిగి ఉంటుంది. దింపేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి. డ్రెయిన్ బోల్టుతో పాటు జాలీ ఫిల్టర్ కూడా తీసి కడగాలి. దాంట్లో బూడిద రంగు పేస్టులా కొంచెం ఉంటే మామూలే, క్లచ్ ప్లేట్ల పొడి. వేలికి గుచ్చుకునే మెరిసే ముక్కలు తగిలితే కొత్త ఆయిల్ డబ్బా మూత తీయకుండా బండిని మెకానిక్ దగ్గరకు నెట్టుకెళ్లండి.